760 చదరపు అడుగుల టూ బీహెచ్‌కే, వేస్ట్ అయ్యే జాగా దాదాపు లేదు 👉 స్వైప్ చేయండి

స్లైడ్ 1
అమ్మకానికి: 2 బెడ్‌రూమ్ ఫ్లాట్
5 అంతస్తుల బిల్డింగ్‌లో 3వ ఫ్లోర్, లిఫ్ట్ ఉంది, ఒక కవర్డ్ కార్ పార్కింగ్. బిల్డింగ్ కట్టి 8 ఏళ్లు.
కార్పెట్ ఏరియా 760 చదరపు అడుగులు. గోడల మధ్య మీరు నిజంగా వాడుకునే జాగా ఇదే, బాల్కనీ ఇందులో కలపలేదు, మెట్లూ కారిడార్ల వాటా అసలే కలపలేదు.

స్లైడ్ 2
హాల్ 18 × 11, పక్కనే డైనింగ్ 10 × 9
మెయిన్ డోర్ తీయగానే సోఫాలో కూర్చున్నవాళ్లు బయటికి కనపడరు, చిన్న అడ్డగోడ ఉంది, దాని వెనకే చెప్పుల స్టాండ్‌కి సరిపడా చోటు. డైనింగ్ హాల్‌లో కలిసిపోకుండా ఎల్ షేప్‌లో పక్కకి తిరుగుతుంది కాబట్టి ఒకరు టీవీ చూస్తుంటే ఇంకొకరు టేబుల్ దగ్గర కూర్చుని పని చేసుకోవచ్చు. నాకు ఈ ఇంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

స్లైడ్ 3
మాస్టర్ బెడ్‌రూమ్ 13 × 11
చాలా ఫ్లాట్లలో మంచం వేశాక వార్డ్‌రోబ్ తలుపు తెరుచుకోదు, అందుకే టేపు పెట్టి కొలిచి చెప్తున్నా. 6 × 6.5 మంచం వేస్తే అటూ ఇటూ రెండున్నర అడుగుల చొప్పున నడవడానికి మిగులుతుంది, కాళ్ల వైపు 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ పెట్టినా మధ్యలో ఇంకా నాలుగున్నర అడుగులు ఉంటుంది. అటాచ్డ్ బాత్‌రూమ్ 8 × 5, కిటికీ ఉంది.

స్లైడ్ 4
రెండో బెడ్‌రూమ్ 11 × 10
పిల్లలకి గానీ, ఇంటి నుంచి పని చేసేవాళ్లకి గానీ బాగుంటుంది. ఇది పడమర వైపు, సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది, మందం కర్టెన్ తప్పకుండా కావాలి. రెండో బాత్‌రూమ్ ఈ గది బయటే, కాబట్టి చుట్టాలొస్తే బెడ్‌రూమ్‌లోంచి వెళ్లక్కర్లేదు.

స్లైడ్ 5
కిచెన్ 9 × 8 + యుటిలిటీ
ప్లాట్‌ఫాం రెండు గోడల వెంబడి ఉంది, స్టవ్‌కీ సింక్‌కీ మధ్య కూరలు తరుక్కోడానికి 3 అడుగుల ఖాళీ. ఫ్రిజ్ ప్లగ్ పాయింట్ తలుపు పక్కనే ఉంది, ఫ్రిజ్ పెట్టినా దారికి అడ్డం రాదు. వాషింగ్ మెషీన్ కుళాయి, డ్రెయిన్ రెండూ యుటిలిటీలోనే ఉన్నాయి. యుటిలిటీ మాత్రం చిన్నదే (5 × 4), బట్టలు ఆరేసుకోడానికి బాల్కనీయే దిక్కు.

స్లైడ్ 6
బాల్కనీ 11 × 4, తూర్పు వైపు
పొద్దున ఎండ హాల్ సగం దాకా వస్తుంది, మధ్యాహ్నం దాటాక ఇక్కడ నీడే. ఎదురుగా పార్కు, మధ్యలో ఇంకో బిల్డింగ్ లేదు, మూడో అంతస్తు కాబట్టి చెట్ల కొమ్మలు సరిగ్గా కళ్ల ఎత్తులో ఉంటాయి.

స్లైడ్ 7
చుట్టుపక్కల
🚶 బస్ స్టాప్ నడిచి 6 నిమిషాలు
🛒 కిరాణా, మెడికల్ షాపు వీధి చివరే
🏫 స్కూల్ పక్క వీధిలో. పిల్లల్ని దింపడానికి సుఖమే గానీ బడి మొదలయ్యే టైమూ వదిలే టైమూ మన వీధిలో బండ్లు ఓ అరగంట నిలిచిపోతాయి, ఆ టైంలో కారు తీసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.
🔊 వెనక మెయిన్ రోడ్డు ఉంది. హాల్‌లోకి, మాస్టర్ బెడ్‌రూమ్‌లోకి చప్పుడు పెద్దగా రాదు, రెండో బెడ్‌రూమ్‌లో కిటికీ తెరిస్తే హారన్లు వినపడతాయి. కొన్నాక తెలిసి బాధపడేకంటే ఇప్పుడే తెలియడం మంచిది కదా, చూడ్డానికి వచ్చినప్పుడు ఆ కిటికీ తెరిచి రెండు నిమిషాలు నిలబడండి.

స్లైడ్ 8
నచ్చిందా? చేయాల్సింది ఒక్కటే
ఈ పేజీకి "విజిట్" అని మెసేజ్ పెట్టండి 📩
కొలతలతో ఫ్లోర్ ప్లాన్, రేటు, మెయింటెనెన్స్ వివరాలు అక్కడే పంపిస్తా, దాంతోపాటు శనివారం సాయంత్రం 4 నుంచి 6 లోపు మీకంటూ ఒక 20 నిమిషాల టైం ఇస్తా. ఒకసారికి ఒక ఫ్యామిలీయే, గుంపులుగా చూపించను, మీరు తీరిగ్గా కుళాయిలు తిప్పి, కిటికీలు తెరిచి, మీ ఫర్నిచర్ కొలతలు తెచ్చుకుని సరిచూసుకోవచ్చు.
చూడ్డానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. నచ్చితే ముందు పేపర్ల కాపీలు తీసుకెళ్లి మీ లాయర్‌కి చూపించుకోండి, అడ్వాన్స్ మాట ఆ తర్వాతే.

క్యాప్షన్
ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లనీ తీసుకురండి, లిఫ్ట్ దగ్గరికి వెళ్లడానికి గేటు నుంచి మెట్లు లేవు, ర్యాంప్ ఉంది. శనివారం కుదరనివాళ్లు "విజిట్" పక్కనే మీకు వీలయ్యే రోజు కూడా రాయండి, చూసి టైం చెప్తా.