స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్

తేదీ: 18-09-2025, విజయవాడ

కమిషనర్ గారికి,
విజయవాడ నగరపాలక సంస్థ.

విషయం: పటమటలో 240 చదరపు గజాల స్థలంలో వెంకటలక్ష్మి గారు కట్టుకున్న స్టిల్ట్ + 3 అంతస్తుల నివాస భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నిమిత్తం.

పై భవనానికి స్ట్రక్చరల్ డిజైన్ చేసింది నేనే. పునాది గోతుల దగ్గర నుంచి టెర్రస్ శ్లాబు వరకు పనిని దశలవారీగా చూశాను. 2025 సెప్టెంబరు 11, 12 తేదీల్లో పూర్తయిన భవనమంతా తిరిగి చూసి ఈ ధ్రువపత్రం ఇస్తున్నాను.

డిజైన్‌కు ఐఎస్ 456:2000, బరువులకూ గాలికీ ఐఎస్ 875, భూకంపానికి ఐఎస్ 1893 (భాగం 1):2016, కడ్డీల అమరికకు ఐఎస్ 13920:2016 పాటించాను. విజయవాడ 3వ భూకంప జోన్‌లో ఉంది కాబట్టి జోన్ గుణకం 0.16, గాలి వేగం సెకనుకు 50 మీటర్లు తీసుకున్నాను. గదుల్లో చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, మెట్లు, బాల్కనీల్లో 3 కిలోన్యూటన్ల వాడుక బరువు లెక్కించాను. మెట్ల గది పైన 10,000 లీటర్ల నీళ్ల ట్యాంకు బరువు కూడా ఇందులో ఉంది. కాంక్రీటు ఎం25, స్టీలు 500డి గ్రేడు.

నాలుగు శ్లాబుల పోతలప్పుడు తీసిన క్యూబుల 28 రోజుల సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 30.8 న్యూటన్లు వచ్చింది. రెండో శ్లాబు పోసిన రోజు నేను సైటులో లేను. ఆ మాట దాచడం సరికాదు. అందుకే ఆ శ్లాబు బీములకూ, కింది కాలమ్‌లకూ రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించాను, రీడింగులు మిగతా అంతస్తులతో సరిపోయాయి. అయితే ఆ హ్యామర్ చెప్పే బలం 25 శాతం వరకు అటూ ఇటూ కావచ్చు. కాబట్టి నా నమ్మకం దాని ఒక్కదాని మీదే లేదు, ఆ రోజు తీసిన క్యూబుల మీదా, పోతకు ముందు రోజు నేను చూసి సరేనన్న కడ్డీల అమరిక మీదా ఉంది.

గోడలూ బీములూ కలిసే చోట కొన్ని సన్నని బీటలు కనిపించాయి. అవి ఇటుకకూ కాంక్రీటుకూ మధ్య ప్లాస్టరులో వచ్చినవే. బీముల్లో, కాలమ్‌లలో, శ్లాబుల్లో నిర్మాణాన్ని బలహీనపరిచే పగులు గానీ, వంపు గానీ, పునాది కుంగిన గుర్తు గానీ కనిపించలేదు.

ధ్రువీకరణ: నా పర్యవేక్షణ, పరీక్షా ఫలితాలు, తనిఖీ ఆధారంగా, ఈ భవనం ఆమోదించిన స్ట్రక్చరల్ డ్రాయింగుల ప్రకారం కట్టబడిందనీ, పైన చెప్పిన బరువులకు తనిఖీ తేదీ నాటికి నిర్మాణపరంగా స్థిరంగా ఉందనీ, నివాసానికి వాడుకోవచ్చనీ ధ్రువీకరిస్తున్నాను.

పరిమితులు

ఇది కాలమ్‌లు, బీములు, శ్లాబులు, పునాదులు, మెట్లకు సంబంధించినది మాత్రమే. స్థలం హక్కు, సెట్‌బ్యాకులు, అగ్నిమాపక ఏర్పాట్లు, లిఫ్టు, కరెంటు, డ్రైనేజీ, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, ప్రహరీ గోడ దీని కిందకు రావు. నేల పరీక్ష మరో ఇంజినీరుది. ఆ నివేదికలో ఇచ్చిన నేల మోసే శక్తిని తీసుకుని పునాదులు డిజైన్ చేశాను, ఆ పరీక్ష నేను చేయలేదు. గోతులు తీసినప్పుడు కనిపించిన మట్టి మాత్రం నివేదికలో రాసినట్టే ఉంది.

వెంకటలక్ష్మి గారూ, ఈ భాగం మీరు తప్పక చదవాలి. టెర్రస్ మీద కాలమ్ కడ్డీలు పైకి వదిలి ఉన్నాయి. వాటిని చూసి నాలుగో అంతస్తు వేయవచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి. పునాదులు మూడు అంతస్తులకే లెక్కించాను. ఆ కడ్డీలకు తుప్పు పట్టకుండా కాంక్రీటుతో కప్పించండి. స్టిల్ట్‌లో పార్కింగ్ స్థలాన్ని గదులుగా మార్చినా, అక్కడక్కడా గోడలు లేపినా భూకంపంలో భవనం ఊగే తీరు మారిపోతుంది, నా లెక్క వర్తించదు. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో స్టిల్ట్ మీద నిలిచిన అపార్ట్‌మెంట్లు కూలి మనుషులు చనిపోయారు. మీ స్టిల్ట్ కాలమ్‌లను 300 × 450 మిల్లీమీటర్లు పెట్టి, రింగులు దగ్గర దగ్గరగా కట్టించింది అందుకే. ఏసీ పైపు కోసం గానీ, కిచెన్ చిమ్నీ కోసం గానీ బీముకో కాలమ్‌కో రంధ్రం కొట్టించకండి. మొబైల్ టవర్, అదనపు ట్యాంకు, టెర్రస్ మీద మట్టి నింపిన తోట వంటివి పెట్టాలంటే ముందు లెక్క చూపించుకోండి.

పై మార్పుల్లో ఏది జరిగినా ఈ ధ్రువపత్రం చెల్లదు. భూకంపం, వరద, అగ్ని ప్రమాదం తర్వాతా, పక్క స్థలంలో సెల్లారుకు లోతుగా తవ్వినప్పుడూ మళ్లీ తనిఖీ చేయించాలి. ఇది జీవితకాలపు హామీ కాదు. ఆక్యుపెన్సీ కోసం ఇచ్చినది, అమ్మకానికీ బ్యాంకు విలువ కట్టడానికీ ఉద్దేశించినది కాదు. ఈ పరిమితులేవీ నా డిజైన్‌లో గానీ, నేను చూసిన పనిలో గానీ ఉన్న తప్పుకు నా బాధ్యతను తగ్గించవు.

సంతకం, ముద్ర
శ్రీనివాసరావు, ఎం.టెక్. (స్ట్రక్చర్స్)
లైసెన్సు పొందిన స్ట్రక్చరల్ ఇంజినీర్

జతపరిచినవి: స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబు పరీక్షల నివేదికలు, రీబౌండ్ హ్యామర్ రీడింగులు, నేల పరీక్ష నివేదిక నకలు, తనిఖీ ఫొటోలు.

ప్రతి: యజమాని వెంకటలక్ష్మి గారికి