తెర దిగినప్పటి మాటలు: కళాశాల సాంస్కృతికోత్సవ వ్యాఖ్యానం

(కూచిపూడి తరంగం ముగిసి చప్పట్లు సద్దుమణుగుతుండగా)

ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి, తాళం తప్పకుండా వేదికంతా కదలిన మా ద్వితీయ సంవత్సరం విద్యార్థినికి మరొక్కసారి కరతాళధ్వనులు కావాలి. మెస్ ముందు వరుసలో పళ్లెం చేత్తో పట్టుకుని పది నిమిషాలు నిలబడితేనే కాళ్లు లాగుతున్నాయని వాపోయే మనకు, ఆ పళ్లెం మీదే నిలబడి నవ్వుతూ నర్తించడం ఎంతటి సాధనో వేరే చెప్పనక్కరలేదు. నృత్యం జరుగుతున్నంతసేపూ మా మెస్ మేనేజరు గారు పళ్లెం వైపే కన్నార్పకుండా చూశారు. అది విద్యార్థిని సొంత పళ్లెమేనని వారికి ఈ వేదిక మీదనుంచి హామీ ఇస్తున్నాను.

తదుపరి అంశం మిమిక్రీ. ఒకే గొంతుతో నలుగురు స్నేహితులకు "ప్రెజెంట్ సార్" చెప్పడం మిమిక్రీ అనిపించుకోదని, నాలుగు గొంతులతో చెప్పి కూడా పట్టుబడకుండా ఉంటేనే అది కళ అనిపించుకుంటుందని వెనుక వరుసలోని అనుభవజ్ఞులు అంటున్నారు. అధ్యాపకులు పేర్లు రాసుకోనవసరం లేదు, వారు ఈ పాటికే తలలు వంచుకున్నారు. నవ్వులాట పక్కన పెడితే, ఈ విద్యను ధ్వన్యనుకరణ అన్న గౌరవమైన పేరుతో సభలకెక్కించి, పద్మశ్రీ పురస్కారం అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ గారు మన తెలుగువారే. ఆ దారిలో తొలి అడుగు వేస్తున్న మా తృతీయ సంవత్సరం విద్యార్థిని సాదరంగా ఆహ్వానిస్తున్నాను. ప్రిన్సిపాల్ గారి గొంతు వినిపించి రేపు సెలవని ప్రకటిస్తే మాత్రం దయచేసి నమ్మవద్దు.

(మిమిక్రీ తరువాత, నాటకానికి రంగం సిద్ధమవుతుండగా)

సెలవు ప్రకటన రాగానే నలుగురు లేచి నిలబడడం ఇక్కడినుంచి స్పష్టంగా కనిపించింది. మిత్రులారా, కూర్చోండి, రేపు మొదటి గంట ల్యాబ్ యథాతథంగా ఉంటుంది.

తెర వెనుక వినిపిస్తున్న చప్పుడు నాటకంలోని యుద్ధం కాదు, సింహాసనాన్ని ఎటువైపు పెట్టాలన్న చర్చ మాత్రమే. ఆ సింహాసనం నిజానికి స్టాఫ్ రూములోని కుర్చీ. జరీ గుడ్డ కప్పి, అట్టముక్కలతో సింహపు తలలు అతికించి మా విద్యార్థులు దానికి రాజయోగం పట్టించారు. నెల రోజులుగా క్లాసులయ్యాక సంభాషణలు వల్లె వేసిన మహారాజు గారు, ఇందాక నన్ను పిలిచి, "మొదటి మాట ఏమిటో గుర్తుందా?" అని అడిగారు. నాకు గుర్తుంది, ఆయనకు చెప్పాను కూడా. అయినా ఆయన తడబడితే ముందు వరుసవారు అందించకండి, ఎందుకంటే ఆ పనికోసం సింహాసనం వెనుక ఒక మంత్రి గారు కాగితాలతో దాగి ఉన్నారు.

దీపాలు ఆర్పమని సైగ వచ్చింది. సెల్‌ఫోన్ల వెలుగు కూడా ఆర్పివేస్తే మహారాజు గారు వేంచేస్తారు.