ప్రొడక్షన్ నం. 2: కాస్ట్యూమ్, ప్రాపర్టీ కంటిన్యూటీ లిస్టు (షెడ్యూల్ 1, ఉద్దానం)

6వ రోజు ప్యాకప్ తర్వాత సరిచేసిన కాపీ. కాస్ట్యూమ్స్, ఆర్ట్, మేకప్ డిపార్ట్‌మెంట్లకు తలా ఒకటి. పాత కాపీలు చించేయండి. రెండు కాపీలు చేతిలో ఉంటే మనవాళ్లు కచ్చితంగా పాతదే చూస్తారు.

ముందుగా అందరికీ

కథ 2018 అక్టోబర్ 10, బుధవారం ఉదయం మొదలవుతుంది. 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు మండలంలో తిత్లీ తీరం దాటింది. దసరా 18న. కథలో రోజులు ఇలా: రోజు 1 = 10వ తేదీ, రోజు 2 = 11, రోజు 3 = 12, రోజు 9 = 18.

తోట రైతు ముసలి కొబ్బరి చెట్లు తీయించి కొత్త మొక్కలు వేస్తున్నాడు. పడిన చెట్లు ఈ వారమే దొరుకుతాయి కాబట్టి తుఫాను తర్వాతి సీన్లు 24, 31 ముందే తీసేశాం. అంటే చిరిగిన బట్ట ముందు, అది చిరగడం తర్వాత. సీన్ 19లో ఏది ఎక్కడ చిరగాలో, విరగాలో 24లో ఇప్పటికే ఖాయమైపోయింది. అక్కడ కొత్త ఆలోచనలు ఎవరికి వచ్చినా ముందు నాకు చెప్పండి.

గుర్తులు: క = శుభ్రమైన సెట్టు, ఖ = తడి, బురద సెట్టు. ఖ సెట్లను ఉతకొద్దు, దులపొద్దు. సంచి మీద ఎర్ర దారం కట్టాను.

సీన్ 7. సింహాచలం ఇల్లు, ఉదయం. రోజు 1. (రేపు తీస్తాం)

సింహాచలం తాత: పొందూరు ఖద్దరు పంచె, కండువా (సిం-1క). చేతి బనియను, ఎడమ చంక కింద కుట్టు ఊడినది. కండువా రెండు అంచులూ నిండుగా ఉండాలి. కుడి భుజం మీదే వేయాలి, 24లో అలాగే ఉంది. కళ్లజోడు కుడి కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది. కొత్త దారంలా మెరుస్తోంది, కాస్త నూనె చేత్తో రుద్దండి.

పైడమ్మ: ఆకుపచ్చ నేత చీర (పై-1క), మెరూన్ జాకెట్టు. పసుపుతాడు, నల్లపూసలు, మెట్టెలు. మట్టిగాజులు కుడిచేతికి ఆరు, ఎడమచేతికి ఆరు, అన్నీ ఆకుపచ్చవే. ఈ లెక్క కింద మళ్లీ వస్తుంది, రాసుకోండి.

గౌరి: దసరా సెలవుల్లో ఉన్నట్టు చూపిస్తున్నాం, యూనిఫాం వద్దు. నీలం పూల లంగా, పసుపు జాకెట్టు, రెండు జడలు, రెండింటికీ ఎర్ర రిబ్బన్లే.

ఢిల్లీ: గళ్ల లుంగీ, బూడిదరంగు టీషర్టు. నుదురు శుభ్రంగా ఉండాలి. రేపు మేకప్‌కి ఇదే ముఖ్యం: నిన్నటి గాయం తాలూకు జిగురు కనుబొమ్మ దగ్గర ఇంకా అంటుకుని ఉంది.

గోడ: క్యాలెండర్ అక్టోబర్ 2018, కాగితం అంచులు కొంచెం వంకర. గడియారం బ్యాటరీది. కరెంటు పోయినా అది ఆగదు, షాట్ షాట్‌కీ ముల్లు తిప్పే ఓపిక ఎవరికుంది? నా ఓటు గడియారం తీసేయడానికే. డైరెక్టర్ గారు రేపు చెప్తానన్నారు.

వాకిలి: ఇత్తడి బిందె (ఎడమ పక్క సొట్ట కెమెరా వైపు), కొబ్బరి పీచు తాడు చుట్టలు మూడు, దెబ్బ తగలని బైకు. అద్దెకొచ్చిన బైకు నంబరు ఏపీ 39తో ఉంది. ఆ సిరీస్ తుఫాను తర్వాత వచ్చింది, శ్రీకాకుళం బండికి అప్పట్లో ఏపీ 30 ఉండాలి. 24లో బండి బోల్తా పడి ప్లేటు బురదలో ఉంది కాబట్టి సరిపోయింది, రేపు మాత్రం ప్లేటు మార్చాల్సిందే.

ఆవు: ఎర్రావు, నుదుట తెల్లమచ్చ, మెడలో ఒక్క గంట. 24కి వచ్చిన ఆవే రావాలి. "అన్నీ ఆవులే కదా బాబూ" అంటూ యజమాని మొన్న ఇంకో ఆవును తోలుకొచ్చాడు. ఉదయం 6కి ఎవరైనా వెళ్లి చూసి తీసుకురండి.

సీన్ 12. జీడిపిక్కల బట్టీ. రోజు 1. (రేపు మధ్యాహ్నం)

పైడమ్మ అదే చీర. కొంగు నడుముకు దోపి, పైన మగవాళ్ల పాత చొక్కా (పై-2, మోచేతి దాకా మడత).

చేతులు ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. జీడి తొక్క నూనె వల్ల వేళ్లు నల్లబడతాయి. కుడి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, మొదటి రెండు కణుపుల దాకా నలుపు. గోళ్ల చుట్టూ ఇంకా ముదురు. ఎడమచేతికి బొటనవేలు కొసన మాత్రమే. అరచేతిలో నలుపు వద్దు, ఒళ్లంతా మసి పూసినట్టుంటే అబద్ధం అవుతుంది. బట్టీలో పనిచేసే అక్కల చేతులు నాలుగైదు ఫోటోలు తీసి మేకప్ వాళ్లకు పంపాను. మేకప్ రంగే వాడండి. అసలు నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. నలుపు ఒక్క రోజులో పోయేది కాదు కాబట్టి 19, 24, 31, 38 అన్నిటిలో ఉండాలి. 24లో బురద కింద కూడా వేశాం, 31లో స్పష్టంగా కనిపిస్తుంది.

కూలి డబ్బు: పాత నీలం వందలు రెండు, ఒక 50. ఆకుపచ్చ-పసుపు 20 నోటు 2019లో వచ్చింది, పొరపాటున కూడా పెట్టొద్దు.

బూడిద గిన్నె, పిక్కలు కోసే మిషన్లు, గోనె సంచులు: యజమాని సొంతం. ఏదీ కదపొద్దు, ఏదీ తినొద్దు.

సీన్ 19. ఇంటి లోపల, రాత్రి, గాలి. రోజు 1 అర్ధరాత్రి నుంచి రోజు 2. (విజయనగరం గోడౌన్ సెట్టు, షెడ్యూల్ చివర్లో)

క సెట్లతో మొదలై, నీళ్లు పడ్డాక ఖ సెట్లలోకి మారే సీన్. ప్రతి నటుడికీ మూడు జతలు కావాలి, ఇప్పుడు రెండే ఉన్నాయి. పొందూరు పంచెలు మూడోవి ఈ వారమే తెప్పించండి. మిల్లు బట్ట తడిస్తే ఒంటికి అంటుకునే తీరు వేరు, క్లోజప్‌లో తెలిసిపోతుంది.

జరిగి తీరాల్సినవి:
- పెంకు పడి ఢిల్లీకి ఎడమ కనుబొమ్మ పైన గాయం, అడ్డంగా, అంగుళం పొడవు.
- తాత తన కండువా ఎడమ అంచు నుంచి నాలుగు వేళ్ల వెడల్పు పీలిక చించి కట్టు కడతాడు. 24లో కట్టు ముడి కుడి చెవి వెనక ఉంది. ఇక్కడా అక్కడే.
- పైడమ్మ తలుపు పట్టుకున్నప్పుడు కుడిచేతి గాజులు రెండు పగలాలి. 24లో కుడికి నాలుగు, ఎడమకు ఆరు.
- గౌరి ఎడమ జడ రిబ్బను ఊడిపోవాలి.

లాంతరు గాజుకు మసి కుడివైపే. కొవ్వొత్తులు మూడు పొడవులవి కావాలి: నిండుది, సగం, పిడికెడు. కీప్యాడ్ ఫోను పైడమ్మ దగ్గరే, సీన్ సగంలో చార్జింగ్ అయిపోతుంది.

సీన్ 24. పడిపోయిన తోట, తెల్లవారు. రోజు 2. (తీశాం)

అందరూ ఖ సెట్లు. తాత పంచె మోకాళ్ల దాకా బురద, కుడికాలికి చెప్పు లేదు. కళ్లజోడు లేదు. అది 19లో ఎక్కడ పోయిందో రైటర్ తేల్చాలి, 38లో మళ్లీ పెట్టుకుంటున్నాడు. బైకు ఎడమ అద్దం విరిగింది. ఢిల్లీ కట్టు మీద రక్తం ఎండి గోధుమరంగుకు తిరిగింది.

సీన్ 31. నీళ్ల ట్యాంకరు దగ్గర. రోజు 3. (తీశాం)

ఇత్తడి బిందె అదే, ఇంకో సొట్ట చేరింది. అది కథలోది కాదు, మనవాళ్లు పడేశారు. మూడో టేకు నుంచి ఉంది, మొదటి రెండు టేకులూ వాడొద్దని ఎడిటింగ్‌కి రాశాను. ఢిల్లీకి దూది, ప్లాస్టరు. పైడమ్మ పసుపు పువ్వుల చీర (పై-3), గాజులు 4, 6.

సీన్ 38. దసరా, ఇంటి ముందు. రోజు 9.

గుమ్మానికి బంతిపూల దండ, ఇంటి మీద నీలం టార్పాలిన్. ఢిల్లీకి కట్టు లేదు, గాయం మీద పక్కు. పైడమ్మ కొత్త గాజులు వేసుకోదు, 4, 6 లెక్కే. కాస్ట్యూమర్ గారు పండగ కదా అని నిండుగా వేయిద్దామన్నారు, వద్దన్నాను. ఆ రెండు గాజులు లేకపోవడం చూసేవాళ్లకు తెలియకపోయినా ఆ నటికి తెలుస్తుంది. తాత కండువా చిరిగిన అంచుతోనే, కానీ ఉతికినది. అందుకు ఖ సెట్టు తాకొద్దు, మూడో కండువా చించి వాడదాం.

రేపు ఉదయం 6 లోపు

బైకు ప్లేటు: ఆర్ట్. ఢిల్లీ నుదురు: మేకప్. ఆవు: సెట్ అసిస్టెంట్. ఆకుపచ్చ మట్టిగాజులు ఇంకో రెండు డజన్లు పలాస బజారులో, పాత గాజు ఒకటి తీసుకెళ్లి రంగు, మందం చూసి మరీ కొనాలి.