సబ్జెక్ట్: రేపు, ఎల్లుండి సెలవు కావాలి సార్ – శీనన్న చనిపోయాడు

సార్,

ఇందాక ఫోన్ చేశాను, ఆడిట్ ప్రిపరేషన్ మీటింగ్‌లో ఉన్నారని భవాని గారు చెప్పారు, అందుకే మెయిల్ పెడుతున్నాను. రేపు గురువారం, ఎల్లుండి శుక్రవారం సెలవు కావాలి. గురువారం మాత్రం ఎలాగైనా కావాలి సార్. శుక్రవారం ఎందుకో కింద రాశాను.

శీనన్న అని మన క్యూసీలోనే పనిచేసేవాడు, మీరు ఇక్కడికి రాకముందే పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. నిన్న రాత్రి సెకండ్ షిఫ్ట్ దిగి బైక్ మీద ఇంటికి వెళ్తుంటే లంకెలపాలెం దగ్గర యాక్సిడెంట్ అయింది. లారీ అని ఒకరంటారు, కారని ఒకరంటారు, అసలేం జరిగిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే పోయాడట. పొద్దున వాళ్ల బావమరిది ఫోన్ చేశాడు. నేను అప్పుడు శాంపిల్స్ తూస్తున్నాను, విషయం బుర్రకెక్కడానికే కాసేపు పట్టింది.

ఆయన నాకు చుట్టం కాదు. పోర్టల్లో చూశాను, అమ్మా నాన్న, భార్యాభర్తలు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు పోతేనే చావుకి ఇచ్చే ప్రత్యేక సెలవు వర్తిస్తుంది, స్నేహితుడికి అందులో చోటు లేదు. దాని గురించి హెచ్‌ఆర్‌తో వాదించే ఓపిక ఇప్పుడు నాకు లేదు. క్యాజువల్ లీవులు ఉన్నాయి, వాటిలోనే పెట్టాను, మీరు అప్రూవ్ చేస్తే చాలు. ఆడిట్ ముందర సీఎల్ ఇవ్వొద్దని మీరు అందరికీ చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే అడుగుతున్నాను.

మీకు ఆయన తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. నేను కాలేజీ నుంచి నేరుగా ఇక్కడికి వచ్చినప్పుడు హెచ్‌పీఎల్‌సీ అంటే పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప చేత్తో కాలమ్ బిగించింది లేదు. మొబైల్ ఫేజ్ ఎందుకు ఫిల్టర్ చేయాలో, ప్రెషర్ ఊగుతుంటే ముందు ఎక్కడ చూడాలో, పీక్ తోక సాగితే దేన్ని అనుమానించాలో అన్నీ పక్కన నిలబడి నేర్పింది ఆయనే. ఒకసారి నా రిజల్ట్ స్పెసిఫికేషన్ దాటింది. ఎవరికీ చెప్పకుండా మళ్లీ ఇంజెక్ట్ చేద్దామా అని నేను నసుగుతుంటే, "నంబరు ఎలా వస్తే అలా రాయి, మిగతాది ఇన్వెస్టిగేషన్‌లో తేలుతుంది" అని నన్ను వెంటబెట్టుకుని అప్పటి మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇవాళ నా రా డేటా మీద మీకు ఎప్పుడూ చిరాకు రాదంటే ఆ చలవ ఆయనదే. ఇక్కడ రూమ్ దొరికేదాకా నన్ను వాళ్లింట్లోనే ఉంచుకున్నాడు కూడా. వదిన నాకు అన్నం పెట్టిన మనిషి సార్, ఫోన్లో ఏడ్చి ఊరుకోలేను.

ఇక రెండు రోజులెందుకంటే. యాక్సిడెంట్ కేసు కాబట్టి పోలీసులు పంచనామా రాయాలి, ఆ తర్వాతే పోస్టుమార్టం. బాడీ అనకాపల్లి గవర్నమెంట్ హాస్పిటల్లో ఉంది, ఇవాళ సాయంత్రానికైనా అవుతుందో రేపు పొద్దుటికి పోతుందో అక్కడున్నవాళ్లే చెప్పలేకపోతున్నారు. అక్కడి నుంచి చోడవరం అవతల వాళ్ల ఊరు తీసుకెళ్లాలి. పైగా శీనన్న తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. టికెట్ దొరికి రేపు మధ్యాహ్నానికి ఇల్లు చేరితే రేపే అయిపోతుంది. సాయంత్రం దాటితే మాత్రం పొద్దుగూకాక దహనం చేయరు కాబట్టి శుక్రవారం పొద్దున్నే. రేపే అయిపోతే నేను రాత్రి బస్సెక్కి శుక్రవారం జనరల్ షిఫ్ట్‌కి వచ్చేస్తాను, అప్పుడు రెండో రోజు లీవు క్యాన్సిల్ చేయండి. ఏదైనా రేపు మధ్యాహ్నానికి మీకు చెప్పేస్తాను, మీరు నాకోసం ఎదురుచూస్తూ ఉండనక్కర్లేదు.

శుక్రవారం ఉండాల్సి వస్తే ఇంకో పని కూడా ఉంది. వాళ్ల నాన్న పెద్దాయన, పొలం తప్ప ఆఫీసుల సంగతి తెలియదు. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు ఎప్పుడిస్తారో కనుక్కోవడం, శీనన్న కంపెనీ వాళ్లు వస్తే పీఎఫ్, దానితోపాటు వచ్చే ఈడీఎల్‌ఐ ఇన్సూరెన్స్, వదినకీ పాపకీ పెన్షన్, వీటికి ఏ కాగితాలు కావాలో అడిగి రాసుకోవడం, ఇవన్నీ ఆ ఇంట్లో ఈ పరిస్థితిలో ఎవరు చూస్తారు. ఇప్పుడే అన్నీ తేలవని తెలుసు, కానీ ఎవరిని అడగాలో తెలుసుకుని వదిలినా వాళ్లకి దారి దొరుకుతుంది. పెద్దకర్మకి సెలవు అడగను, ఆదివారం కలిసొస్తే నా వీలు చూసుకుని వెళ్తాను.

ఇక్కడి పని సంగతి. నాలుగో హెచ్‌పీఎల్‌సీలో మెట్‌ఫార్మిన్ రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ సీక్వెన్స్ నడుస్తోంది, సాయంత్రం ఐదుకల్లా అయిపోతుంది. ప్రాసెస్ చేసి, నా సంతకం పెట్టి, కాలమ్ వాష్ వేసే బయల్దేరతాను. లాగ్‌బుక్కులు ఇవాళ్టి వరకూ పూర్తిగా ఉన్నాయి, కావాలంటే ఇప్పుడే ఎవరినైనా పంపి చూపించుకోండి. రేపు తీయాల్సినవి ఆరు నెలల స్టెబిలిటీ శాంపిల్స్, 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఛాంబర్‌వి. భవాని గారు తీస్తానన్నారు, ట్రే నంబర్లు ఆవిడకి రాసిచ్చాను. శాంపిల్ విండో ఇంకా ఉంది కాబట్టి అనాలిసిస్ శనివారం నేనే మొదలుపెడతాను. నా లాగిన్ మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు, ఇవ్వకూడదు కూడా, మధ్యలో నా డేటా ఎవరైనా చూడాల్సి వస్తే రివ్యూయర్ లాగిన్‌లో కనిపిస్తుంది. సోమవారం ఆడిట్‌కి ట్రైనింగ్ ఫైళ్లు, క్యాలిబ్రేషన్ రికార్డులు సర్దడం నా వాటా, అది శనివారం పని అయ్యాక కూర్చుని, మిగిలింది ఆదివారం వచ్చి పూర్తిచేస్తాను. దానికి కాంప్ ఆఫ్ అడగను.

ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం, కాల్ కలవకపోతే వాట్సాప్‌లో పెట్టండి, టవర్ దొరికినప్పుడు చూస్తాను. నిజంగా అర్జెంట్ అయితే భవాని గారి దగ్గర శీనన్న బావమరిది నంబరు ఇచ్చి వెళ్తున్నాను.

ఇవాళ రాత్రి రైళ్లలో అంతా వెయిటింగే, తత్కాల్ ముందురోజే తెరుస్తారు కాబట్టి ఆ దారీ లేదు. కూకట్‌పల్లి నుంచి రాత్రి అనకాపల్లి మీదుగా వెళ్లే బస్సులో ఒక సీటు ఉంది, మీరు సరే అన్నారంటే అది బుక్ చేస్తాను. జీడిమెట్ల నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్లాలి, ఆరున్నరకి ఇక్కడ నుంచి కదలాలి. మీటింగ్ మధ్యలోనైనా చూస్తే ఒక్క ముక్క రాయండి సార్.

రమణ
క్యూసీ, ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్