అల వేగం, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం: ఈ మూడింటి లెక్క

గుంతకల్లు దగ్గర రైలు గేటు పడింది, గూడ్సు బండి పోతోంది అనుకోండి. ఒక్కో వ్యాగన్ పొడవు 11 మీటర్లు. గేటు దగ్గర నిలబడి లెక్కపెడితే 20 సెకన్లలో 30 వ్యాగన్లు దాటాయి, అంటే సెకనుకు ఒకటిన్నర. మరి సెకనులో ఎంత పొడవు బండి మీ ముందు నుంచి పోయినట్టు? 1.5 × 11 = 16.5 మీటర్లు. అదే బండి వేగం: 16.5 మీ./సె., గంటకు దాదాపు 59 కిలోమీటర్లు.

అల లెక్క కూడా ఇంతే. వ్యాగన్ పొడవు బదులు తరంగదైర్ఘ్యం (λ), అంటే ఒక శృంగం నుంచి పక్క శృంగం దాకా దూరం. శృంగమంటే అల ఎత్తుగా లేచిన చోటు. సెకనుకు దాటిన వ్యాగన్ల బదులు పౌనఃపున్యం (f), అంటే సెకనుకు దాటే అలల సంఖ్య. దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. రెండింటినీ గుణిస్తే వేగం:

v = fλ

పోలిక ఒక్కచోట మాత్రం తెగుతుంది. రైల్లో వ్యాగన్లే ముందుకు పోతాయి. అలలో నీళ్లు పోవు, కదలిక ఒక్కటే పోతుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లున్నప్పుడు, చిరుగాలికి లేచే అలల మీద ఒక బెండు ముక్క వేసి చూడండి. కాస్త అటూ ఇటూ జరిగినా, అలతో పాటు ఒడ్డుకు పరుగెత్తదు. పైకీ కిందికీ ఊగుతుంది.

ఆ బెండుతోనే వేగం కొలవొచ్చు. బెండు పైకి లేచిన క్షణంలో వాచీ నొక్కి "సున్నా" అనండి, "ఒకటి" కాదు. మళ్లీ పైకి వచ్చినప్పుడే ఒకటి. చాలామంది పిల్లల లెక్క ఇక్కడే ఒకటి ఎక్కువ వస్తుంది. 10 సెకన్లలో 25 వచ్చిందనుకుందాం: f = 25 ÷ 10 = 2.5 హెర్ట్జ్. ఇప్పుడు నీటికి కాస్త పైన, అలలు వచ్చే దిశలోనే మీటరు స్కేలు పట్టుకుని, పైనుంచి ఫొటో తీయండి. స్కేలు ఈ చివర నుంచి ఆ చివరకు 5 శృంగాలు కనిపిస్తే మధ్యలో ఖాళీలు 4 మాత్రమే. కాబట్టి λ = 1 ÷ 4 = 0.25 మీటర్లు.

v = 2.5 × 0.25 = 0.625 మీ./సె.

25 సెంటీమీటర్లను అలాగే వేస్తే 62.5 వస్తుంది. దాన్ని మీ./సె. అని రాస్తే చెరువు అల బస్సు కంటే వేగంగా పోయినట్టు! ముందు మీటర్లలోకి మార్చండి, తర్వాతే గుణించండి.

ఇప్పుడు అసలు విషయం. సూత్రం చూసి "పౌనఃపున్యం పెరిగితే వేగం పెరుగుతుంది" అనుకోవడం చాలా సహజం, కానీ తప్పు. ధ్వని విషయంలో పౌనఃపున్యాన్ని నిర్ణయించేది అలను పుట్టించే వస్తువు. వేగాన్ని నిర్ణయించేది యానకం, అంటే గాలి, నీరు, ఇనుము. ఈ రెండూ ఖాయమయ్యాక తరంగదైర్ఘ్యం దానంతటదే సర్దుకుంటుంది. బండి వేగం మారకుండా సెకనుకు ఎక్కువ వ్యాగన్లు దాటాలంటే వ్యాగన్లు పొట్టివి కావాలి కదా, అలాగే.

ల్యాబులో 512 హెర్ట్జ్ శృతిదండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టారు. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 331 మీ./సె. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.6 పెరుగుతుంది. కర్నూలు మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే వేగం 331 + 24 = 355 మీ./సె.

λ = v ÷ f = 355 ÷ 512 = 0.69 మీటర్లు

డిసెంబరులో 20 డిగ్రీల ఉదయం వేగం 343. అప్పుడు λ = 0.67 మీటర్లు. అదే దండం, అదే 512. ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు పెద్దదవుతుంది తప్ప ధ్వని తొందరగా చేరదు. ఆ ధ్వనే నీటిలోకి దిగితే వేగం సుమారు 1480 మీ./సె., తరంగదైర్ఘ్యం 2.89 మీటర్లకు సాగుతుంది. పౌనఃపున్యం 512 దగ్గరే ఉంటుంది.

ఇక రేడియో. మీడియం వేవ్‌లో ఆకాశవాణి కడప కేంద్రానిది 900 కిలోహెర్ట్జ్. రేడియో తరంగాలు కాంతి వేగంతో, సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతాయి.

λ = 300000000 ÷ 900000 = 333.3 మీటర్లు

"కిలో"ను మరచి 900తో భాగిస్తే 333 కిలోమీటర్లు వస్తుంది. ఎఫ్.ఎం.లో 100 మెగాహెర్ట్జ్ అయితే λ 3 మీటర్లే. చిన్న ఎఫ్.ఎం. సెట్టుకు మీటరు లోపు యాంటెన్నా సరిపోవడానికి ఇదే కారణం.

ఒకటి మీరే చేయండి. తొట్టి నీళ్లలో ఒక శృంగానికీ పక్కనున్న ద్రోణికీ, అంటే అల పల్లానికీ, మధ్య అడ్డంగా దూరం 6 సెంటీమీటర్లు. సెకనుకు 4 అలలు గోడను తాకుతున్నాయి. వేగమెంత? 0.24 వస్తే శృంగం నుంచి ద్రోణికి సగం తరంగదైర్ఘ్యమే అన్నది మరిచారు. λ = 0.12 మీటర్లు, v = 4 × 0.12 = 0.48 మీ./సె.