సంతకం పెట్టే ముందు ఇది చదవండి, మామయ్యా

మామయ్యకు నమస్కారం.

మీరు పంపిన ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ అగ్రిమెంట్, అంటే మీ కాస్టింగులు కొనే పంపుల కంపెనీ కట్టాల్సిన బిల్లును ఫైనాన్స్ వాళ్లకిచ్చి ముందే డబ్బు తీసుకునే ఒప్పందం, మొత్తం చదివాను. ఇందులో మీరు చూసుకోవాల్సినవి మూడు: చేతికి ఎంత వస్తుంది, దానికి ఎంత ఖర్చవుతుంది, పంపుల కంపెనీ డబ్బు కట్టకపోతే ఎవరు కట్టాలి. మూడోదానితోనే మొదలుపెడతాను, నాకు టెన్షన్ అంతా దాని గురించే.

"బిల్లు వాళ్లకిచ్చేస్తే వసూలు ఇక వాళ్ల తలనొప్పి" అని మీరు ఫోన్లో అన్నారు. ఈ అగ్రిమెంట్ ప్రకారం అలా కాదు. 9వ క్లాజులో "విత్ ఫుల్ రికోర్స్ టు ద సెల్లర్" అని ఉంది. సెల్లర్ అంటే మీరే. గడువు దాటి 30 రోజుల్లోపు కంపెనీ కట్టకపోతే, కారణం ఏదైనా సరే, ఫైనాన్స్ వాళ్లు ఇచ్చిన డబ్బును మీరు వెనక్కి కట్టాలి. దాని మీద గడువు తేదీ నుంచి నెలకు 3 శాతం వడ్డీ. అప్పటికి ఆ డబ్బు ఇనుముకీ కూలీలకీ అయిపోయి ఉంటుంది. పేరుకు బిల్లు అమ్మకమే గానీ, ఇది మీ మీద ఉండే అప్పే.

"కారణం ఏదైనా" అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగండి. కంపెనీ దివాలా తీసినా మీరే కట్టాలి. కాస్టింగుల్లో గుల్ల ఉందని సరుకు రిజెక్ట్ చేసి డెబిట్ నోట్ పంపినా మీరే కట్టాలి. రికోర్స్ లేని అగ్రిమెంట్లలో కూడా కొనుగోలుదారు చేతులెత్తేస్తేనే సాధారణంగా ఫైనాన్స్ వాళ్లు నష్టం భరిస్తారు, నాణ్యత గొడవలు మాత్రం అమ్మినవాళ్ల మీదే ఉంటాయి. అది న్యాయమే. కంపెనీ మునిగిపోయినప్పటి నష్టం కూడా మొత్తం మీ నెత్తిన వేయడమే నాకు నచ్చలేదు.

11వ క్లాజులో మీరూ అత్తయ్యా వ్యక్తిగత గ్యారంటీ ఇస్తున్నట్టు రాశారు. సెక్యూరిటీ చెక్కులు కూడా అడిగారు. బాకీ నిలిచి ఉన్నప్పుడు అవి బౌన్స్ అయితే 138 సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంటుంది. వ్యాపారంలో భాగస్వామి కాని అత్తయ్య సంతకం ఎందుకు? తీసేయమని గట్టిగా అడగండి.

ఇక అడ్వాన్స్ రేటు. 80 శాతం అని మీకు చెప్పారు గానీ, కాగితం మీద "అప్ టు" 80 అని ఉంది. అంటే 80 దాటదు, 65 ఇచ్చినా మీరు కాదనలేరు. 10 లక్షల బిల్లుకు 80 శాతమే ఇచ్చారనుకుందాం, 8 లక్షలు. మిగతా 2 లక్షలు రిజర్వుగా వాళ్ల దగ్గరే ఉంటాయి. కంపెనీ పూర్తిగా కట్టాక, కోతలు పోను మీకు వస్తాయి. ఎన్ని రోజుల్లో ఇస్తారో ఎక్కడా రాయలేదు. మూడు పనిదినాలు అని రాయించండి.

ఆ 8 లక్షలూ చేతికి రావు. నెలకు 1.5 శాతం చొప్పున 3 నెలల డిస్కౌంటు 36,000 ముందే పట్టుకుంటారు. సర్వీసు ఫీజు 0.75 శాతం. ఇది అడ్వాన్సు మీద కాదు, మొత్తం బిల్లు మీద. కాబట్టి 7,500, దానిపై 18 శాతం జీఎస్టీ 1,350. చేతికొచ్చేది 7,55,150. ఖర్చు 44,850. మీరు నిజంగా వాడుకునే డబ్బు మీద లెక్కేస్తే ఏడాదికి దాదాపు 24 శాతం పడుతుంది, వాళ్లు చెప్పిన 18 కాదు. 50 లక్షల లిమిట్‌కి ఒకసారి కట్టే ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం, అంటే జీఎస్టీతో 59,000, దీనికి అదనం. కంపెనీ ముందే కట్టేస్తే మిగిలిన రోజుల డిస్కౌంటు వెనక్కిస్తారని కూడా లేదు.

సంతకానికి ముందు ట్రెడ్స్ ప్రయత్నించండి. అది రిజర్వ్ బ్యాంకు అనుమతితో నడిచే వేదిక. మీ బిల్లును కంపెనీ అక్కడ ఒప్పుకుంటే బ్యాంకులు రేటు కోసం పోటీ పడతాయి, తర్వాత కంపెనీ కట్టకపోయినా మీ మీదకు రారు. 250 కోట్లకు మించి టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మీ పంపుల కంపెనీ అంతకంటే పెద్దదే. అసలు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న మీలాంటి చిన్న యూనిట్‌కి 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా కట్టాలి. వాళ్లు 90 రోజులు తీసుకుంటున్నారు. ఆర్డర్ పోతుందని మీరు గట్టిగా అడగరని తెలుసు, అందుకే ట్రెడ్స్ దారి చెబుతున్నాను. మర్యాదగా అడగొచ్చు.

వాళ్ల అకౌంట్స్ మేనేజర్‌కి సోమవారం ఫోన్ చేసి ట్రెడ్స్‌లో ఉన్నారా అని కనుక్కోండి. లేదంటే ఈ ఫైనాన్స్ వాళ్లతో నేనే మాట్లాడతాను. పోయిన రెండేళ్లలో వచ్చిన డెబిట్ నోట్లన్నీ ఫొటో తీసి పంపండి. రిజెక్షన్ ఎంత ఉందో చూస్తే 9వ క్లాజుకు ఎంత భయపడాలో లెక్క తేలుతుంది. అప్పటిదాకా చెక్కులు మాత్రం ఇవ్వకండి.