దసరా శని, ఆదివారాలు: మా షాపులో నిజంగా ఎంత తగ్గిందో లెక్కతో సహా

నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఈ రెండు రోజులూ ఎటు చూసినా పెద్ద పెద్ద తగ్గింపు బోర్డులే. ఆ తగ్గింపు దేని మీద లెక్కగట్టారో అడగండి, మమ్మల్ని కూడా. చాలాసార్లు అది ఎమ్మార్పీ మీదే. డబ్బా మీద 49,990 అని ఉన్న 43 అంగుళాల టీవీని మేం మామూలు రోజుల్లోనే 28,500కి అమ్ముతున్నాం, ఇప్పుడు 26,900కి ఇస్తున్నాం, అంటే మీకు తగ్గింది 1,600 రూపాయలు, 23 వేలు కాదు.

అందుకే ప్రతి వస్తువు చీటీ మీద పోయిన నెల ఒకటో తారీఖున అమ్మిన ధర, ఇవాళ్టి ధర పక్కపక్కనే రాశాం. 260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్ అప్పుడూ 27,200, ఇప్పుడూ అంతే, దానికి ఆఫర్ స్టిక్కర్ అంటించలేదు. తొందరపడొద్దు, పండగ అయ్యాక వచ్చినా అదే రేటు.

అదే టీవీ ఆన్‌లైన్‌లో 25,999 అని కనిపిస్తోంది. లోపలికెళ్లి చూస్తే ధర 27,499, ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటేనే 1,500 తగ్గుతుంది. ఆ కార్డు మీ దగ్గరుంటే అక్కడే కొనండి, 901 రూపాయలు మిగులుతాయి. లేకపోతే మా దగ్గర 599 తక్కువ. కాకపోతే పోల్చే ముందు మోడల్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడండి, కంపెనీ, సైజు ఒకటే అయినా లోపల ర్యామ్, స్పీకర్లు వేరుగా ఉండొచ్చు.

ఏసీ దగ్గర ఇంకా జాగ్రత్త. ధర తక్కువగా కనబడుతుంది, తీరా ఇంటికొచ్చాక బిగింపు, బయట యూనిట్‌కి స్టాండు, అదనపు రాగి పైపు, స్టెబిలైజర్ అన్నీ కలిపి వేలల్లో అవుతుంది. మేం ముందే మీ గోడ ఎక్కడ, పైపు ఎన్ని మీటర్లు పడుతుందో అడిగి మొత్తం ఒకే కాగితం మీద రాసిస్తాం, ఆ కాగితం పట్టుకుని వేరే షాపులో అడిగి చూసినా మాకు అభ్యంతరం లేదు.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలకీ, 32 అంగుళాలు దాటిన టీవీలకీ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 25,000 ఉన్న వస్తువు 32,000 నుంచి 29,500కి వచ్చింది. అంతకు ముందు నాటి బిల్లుతో పోల్చి చూపించి ఆ 2,500 మా ఆఫర్ అని చెప్పుకోం, అది పన్ను తగ్గడం వల్ల వచ్చింది.

నో కాస్ట్ ఈఎంఐ తీసుకునేవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, వడ్డీ మీద బ్యాంకు వేసే జీఎస్టీ కలుపుకుని చూడండి. మీ కార్డు చెప్తే కౌంటర్‌లో మావాళ్లు లెక్క కట్టి చూపిస్తారు.

పొద్దున 9 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంటాం. కావలి, ఆత్మకూరు నుంచి వచ్చేవాళ్లు ఫోన్‌లో చూసిన ధర స్క్రీన్‌షాట్ తెచ్చుకోండి అన్నా, అక్కా, మోడల్ నంబరు కనబడేలా.